కృప చూపించని స్క్రీను

మా ఆఫీసులో ఎవరైనా పని అయిపోయిందంటే కృప కాదనదు. “అయితే చూపించు” అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటుంది. ఆ కుర్చీ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ గుండెల్లో రాయి పడుతుంది. ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో వస్తుంది. అక్కడ చర్చిలో పాటలు నేర్పేదీ ఆమే. రిహార్సల్ లేని పాట క్రిస్మస్‌కి కూడా పాడనివ్వదట. మా ప్రోగ్రాములూ ఆమెకి పాటల్లాంటివే.

బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా చిన్న కంపెనీ వన్ టౌన్ బట్టల వ్యాపారి మార్కండేయులు గారికి ఫోన్లో బిల్లులు వేసే యాప్ చేసిపెడుతోంది. రెండు వారాలకో విడతగా పని చేస్తాం, దాన్నే స్ప్రింట్ అంటాం. విడత చివర పూర్తయిన పనులు ఆయనకి చూపించాలి. క్రితంసారి, కృప మా టీములోకి రాకముందు, ఆయన ఎదురుగా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. ఆయన కాఫీ తాగి, “మళ్ళీ చూద్దాం లెండి” అని లేచారు. మర్యాదగానే అన్నారు, కానీ ఇంకోసారి అలా జరిగితే ఆయన మళ్ళీ రారని మా అందరికీ తెలుసు. ఈసారి డెమో కృప చేతిలో పెట్టారు.

డెమోకి ముందురోజు పొద్దున్నే, పనుల చీటీలు అంటించే మా బోర్డు మీద ‘పూర్తయినవి’ అన్న వరుసలో ఉన్న పనులన్నీ ముందేసుకుంది. మా ఎవరి ల్యాప్‌టాపూ ముట్టుకోలేదు. డెమో కోసం విడిగా ఉంచిన సర్వర్లో, ఒక మామూలు ఫోన్ మీద, మొబైల్ డేటాతో, కొట్లో గుమస్తా వాడే లాగిన్‌తో ఒక్కొక్కటే నడిపింది. బిల్లు పడింది. తానులో కోసిన మీటర్లు స్టాకులో తగ్గాయి. బిల్లు వాట్సాప్‌లో వెళ్ళింది. డేటాబేస్ వేగం పెంచిన నా పని కంటికి కనబడేది కాదు కనక ఒక్క మాటలో చెబుతానంది. నాకు కొంచెం చివుక్కుమన్న మాట నిజమే.

చివరగా సరుకు వాపసు. మా టీములోని జయపాల్ రాత్రింబగళ్ళు కూర్చుని చేసిన పని అది, మార్కండేయులు గారు మొదటినుంచీ అడుగుతున్నదీ అదే. కృప నొక్కగానే ‘మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. జయపాల్ మొదటినుంచీ యజమాని లాగిన్‌తోనే పరీక్షించుకున్నాడు. మేమంతా అంతే, అన్నీ తెరుచుకునే లాగిన్ ఉండగా గుమస్తా లాగిన్ ఎవడికి గుర్తుంటుంది?

అనుమతి తెరవడం నిమిషం పని. కానీ తెరిస్తే ఏ గుమస్తా అయినా వాపసు పేరుతో ఏ పాత బిల్లునైనా మార్చేయగలడు. దాన్ని కట్టడి చేసి మళ్ళీ పరీక్షించాలంటే ఆ ఒక్క రోజు చాలదు.

“యజమాని లాగిన్‌తో చూపించేద్దాం అక్కా. ఆయనకేం తెలుస్తుంది?” అన్నాడు జయపాల్.

“రేపు నువ్వు చూపిస్తావు. ఎల్లుండి ఆయన గుమస్తా నొక్కుతాడు. అప్పుడు నువ్వక్కడ ఉండవు కదరా,” అంది కృప. ఆ పనిని పూర్తయినవాటి వరుసలోంచి తీసేసింది. జయపాల్ మధ్యాహ్నం మాతో భోజనానికి రాలేదు. వాడి ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆమెకీ వేసే ఉంటుంది, కానీ మాట మార్చలేదు.

మర్నాడు మార్కండేయులు గారు ఒక్కరే రాలేదు, వెంట గుమస్తా హరిబాబుని తీసుకొచ్చారు. కృప మొదలుపెట్టకముందే చెప్పేసింది: “వాపసు పని ఇంకా పూర్తి కాలేదండీ. ఈరోజు చూపించట్లేదు, వచ్చే విడతలో మొదటి పని అదే.” ఆయన కానివ్వమన్నట్టు తలూపారు. ఆమె మిగతావన్నీ చూపించింది, ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక ఆయన కృప చేతిలోని ఫోన్ అందుకుని హరిబాబు చేతికిచ్చారు.

“రోజూ వాడాల్సింది వీడు. నీ పేరుతో తెరిచి చూడరా.”

హరిబాబు తన లాగిన్‌తో తెరిచి, మొహమాటం లేకుండా కనబడ్డవన్నీ నొక్కాడు. బిల్లు వేశాడు, తానులో మీటర్లు కోశాడు, యజమానికి వాట్సాప్ చేశాడు. వాపసు దగ్గర మాత్రం ‘మీకు అనుమతి లేదు’ అనే వచ్చింది. వాడు తలెత్తి మావైపు చూశాడు. జయపాల్ తల దించుకున్నాడు.

“అదే కదమ్మా ఇంకా అవలేదన్నావు?” అన్నారు మార్కండేయులు గారు.

“అవునండీ.”

“సరే. మిగతావి సోమవారం నుంచి కొట్లో పెట్టేయండి. అది అయినప్పుడు చూస్తాను.”

వాళ్ళు మెట్లు దిగాక మేమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాం. కృప మాత్రం అప్పుడే బోర్డు ముందుకెళ్ళి వాపసు చీటీని వచ్చే విడతలో అన్నిటికన్నా పైన అంటిస్తోంది. నాకు ఆమె మీద చెప్పలేనంత గర్వం కలిగింది.

జయపాల్ ల్యాప్‌టాప్ తీసుకుని లేచాడు. ఆమె తన సీటుకి రాగానే పక్కకి తనే కుర్చీ లాక్కుని కూర్చుని, అందులో తెరిచి ఉన్న యజమాని లాగిన్ మూసేశాడు.

“అక్కా, గుమస్తా లాగిన్ ఇవ్వు,” అన్నాడు.