కొండల నడుమ సూర్యుడు, ఆదెమ్మవ్వ మాత్రలు

ఈ సంగతి జరిగినప్పుడే రాసిపెట్టమని మా నర్సమ్మగారు అడిగారు. నేను రాయలేదు. నాకప్పటికి రాయడం రాదు. బడికి పోవాల్సిన వయసులో తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గరుండేదాన్ని, మా అమ్మ చేపల గంప ఎత్తుకుని పోయేది. అంకెలు మాత్రం బస్సు నంబర్లు చూసి పట్టుబడ్డాయి. అక్షరాలు యాభై దాటాక సాయంకాలపు బడిలో నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యం.

ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డునున్న మా పల్లెకి, ఒక ధర్మాసుపత్రి వాళ్ళు నన్ను గ్రామ ఆరోగ్య కార్యకర్తగా తీసుకున్నారు. ఇది నా పనిలో రెండో ఏటి మాట. డాక్టరుగారు మందులు రాస్తారు. నర్సమ్మగారు వారానికోసారి వచ్చి చూస్తారు. నా పని ఇంటింటికీ తిరిగి మిషనుతో బీపీ చూడడం, మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం, తేడా వస్తే నర్సమ్మగారికి ఫోను చేయడం. మందు మార్చడానికీ ఆపడానికీ నాకు అధికారం లేదు. చదువు రానివాళ్ళకు మాత్రలు బొమ్మల కార్డులతో ఇచ్చేవాళ్ళం. కొండల నడుమ సగం సూర్యుడుంటే పొద్దున, నెలవంక ఉంటే రాత్రి. ఏ మాత్ర ఏ పూటదో ఆ బొమ్మ అంటించిన కవర్లో ఉంటుంది.

ఆదెమ్మవ్వకు డెబ్బై దాటాయి. ఎండుచేపల పని చేసి చేసి చేతులు చెక్కలా ఉండేవి. ఆ ఏడు వానలకు ముందు ఆమెకు ఒకరోజు మూతి వంకరపోయి, కుడిచెయ్యి పట్టు తప్పింది. కాసేపటికి సర్దుకుంది గానీ, బీపీ మాత్రలు ఆపితే ఈసారి అలా సర్దుకోకపోవచ్చని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. సూర్యుడి కవర్లో రెండు మాత్రలు: ఒకటి బీపీది, రెండోది నీళ్ళమాత్ర. ఒంట్లో ఎక్కువైన నీటినీ ఉప్పునీ ఒంటేలు రూపంలో బయటికి పంపి, బీపీ తగ్గించే మాత్ర అది. పగలు తిరగడానికి ఇబ్బంది ఉండదని పొద్దున వేసుకోమంటారు. నెలవంక కవర్లో ఒకటే, కొవ్వు తగ్గించేది.

కార్డులు చూపించి, "ఈ బొమ్మప్పుడు ఇవి, ఆ బొమ్మప్పుడు అది. అర్థమైందా అవ్వా?" అన్నాను.

"అర్థంగాకేం, నేనేమన్నా పసిబిడ్డనా?" అంది.

నేను సంతోషంగా వచ్చేశాను. మొదటి వారం మాత్రల లెక్క సరిపోయింది. రెండోవారం చూస్తే నెలవంక కవరు సరిగ్గా ఉంది, సూర్యుడి కవర్లో మాత్రం ఐదు రోజుల మాత్రలు అలాగే ఉన్నాయి. అవ్వను ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, బీపీ రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పై అంకె నూట డెబ్బై దాటింది.

ఎందుకు మానేశావని అడిగాను. అంతే, తగులుకుంది.

"నీ మాత్రలు నీ నెత్తినేసుకో మే! అయ్యి ఏసుకున్న రోజు రాత్రంతా దొడ్లోకి పోతానే ఉండా, వస్తానే ఉండా. నాలుగుసార్లు, ఐదుసార్లు. కుక్క గూడా నన్ను చూసి మొరగడం మానేసింది."

ఆమె కోడలు రమణమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ, "మాకు గూడా నిద్దర లేదక్కా. పోయేటప్పుడూ తిడతాది, వచ్చేటప్పుడూ తిడతాది," అంది.

"నిన్ను గాదులేమే, ఈ మస్తానమ్మను తిడతుండా," అని అవ్వ నా వైపు చెయ్యి చూపించి సర్దిచెప్పింది.

నాకు పాలుపోలేదు. పొద్దున వేసుకున్న నీళ్ళమాత్ర పని మధ్యాహ్నం దాటేసరికి చాలావరకు అయిపోవాలి. రాత్రి ఇంతగా లేపకూడదు. నర్సమ్మగారికి ఫోను చేశాను. తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు, చెయ్యీ కాలూ తిమ్మిరి ఉన్నాయేమో చూడమన్నారు. ఏవీ లేవు. మాట తడబడడం సంగతైతే చెప్పక్కర్లేదు. అప్పుడావిడ, "నువ్వేమీ చెప్పకు. కార్డు ఆమె చేతికిచ్చి, ఆమెనే చెప్పమను," అన్నారు.

కార్డులు రెండూ కలిపి ఇచ్చాను. ఇది ఏ పూట అవ్వా అని అడిగాను. సూర్యుడి బొమ్మ మీద వేలు పెట్టి, "సాయంత్రం" అంది.

నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

"నగతావేందిమే? పొద్దు యాడ లేస్తాది? సముద్రంలో. ఇందులో సముద్రముందా? కొండలుండాయి. కొండలు యాడుండాయి? పడమట. పెంచలకోనకి పోయినప్పుడు చూళ్ళేదా, పొద్దు ఆ కొండల ఎనక్కే గదా దిగింది!"

నా నవ్వు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి అదే సముద్రం ఒడ్డున ఉన్నదాన్ని నేను. పొద్దు కొండల్లోంచి లేవడం నేనూ చూడలేదు. ఆసుపత్రి వాళ్ళు శిక్షణలో పొద్దున అన్నారు, పొద్దున అనుకున్నాను.

నెలవంక సంగతి అడిగాను. "నేను లేచేటప్పటికి ఆకాశంలో చందమామే గదా ఉండేది. అప్పుడు ఒకటేసుకుంటా," అంది. అంటే రెండు కవర్లూ పూటలు తారుమారై, నీళ్ళమాత్ర దీపాల వేళ లోపలికి పోతోంది. అవ్వ తప్పేమీ చేయలేదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు చేసింది.

నర్సమ్మగారికి మళ్ళీ ఫోను చేసి చెప్పాను. ఈ రాత్రికి సూర్యుడి కవరు మాత్రలు వద్దు, రేపు పొద్దున ఫలహారం తిన్నాక రెండూ మొదలుపెట్టించు, ఎల్లుండి నేనే వచ్చి చూస్తాను అన్నారు.

అవ్వకు మరో అనుమానం వచ్చింది. "మానేసినయ్యన్నీ రేపు ఒకేసారి మింగాల్నా?"

కూడదని చెప్పాను. తప్పిన మాత్ర తప్పినట్టే, దానికి బదులని రెండు వేసుకుంటే బీపీ మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

తరువాత కొత్త కార్డులు చేయడానికి కూర్చున్నాం. పొద్దున్నే ఏం చేస్తావని అడిగాను. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఇడ్లీ తిని టీ తాగుతానంది. నీళ్ళలోంచి లేచే సూర్యుణ్ణీ, ముందర ఒక పడవనూ గీశాను.

"అది పడవా, కాలి చెప్పా?" అంది అవ్వ.

రమణమ్మ చేట పక్కనబెట్టి పడీపడీ నవ్వింది. అవ్వ నా చేతిలో పెన్సిలు లాక్కుని, జీవితంలో మొదటిసారి పెన్సిలు పట్టి, ఒక్క గీతలో పడవ ముక్కు ఎత్తింది. నిజంగా పడవే. రాత్రికి అన్నం కంచం, పరిచిన చాప కావాలంది. అవీ తనే గీసింది. నా చేత టీ గ్లాసు మాత్రం గీయించింది, అదీ దయతలచి.

పాత బొమ్మలు పీకేసి ఇవి అంటించాము. కార్డులు మూడుసార్లు కలిపి ఇచ్చాను, మూడుసార్లూ సరిగ్గా చెప్పింది. ఆఖరికి కోడలికి నేర్పమన్నాను. నాకంటే బాగా నేర్పింది, కాకపోతే నాలుగు తిట్లు కలిపి.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. బొమ్మ చేతికిచ్చి నోరు మూసుకుని, అవతలివాళ్ళు చెప్పేదాకా ఆగాలి. అక్షరం రానిదాన్ని కాబట్టి బొమ్మలు అందరికీ వస్తాయని నేను నమ్మాను. బొమ్మలను కూడా నేర్చుకునే చదవాలి.

మర్నాడు పొద్దున అవ్వ ఫలహారం తిని, పడవ బొమ్మ కవర్లోంచి రెండు మాత్రలూ తీసి వేసుకునేదాకా ఎదురుగా కూర్చున్నాను. అక్కణ్ణుంచి లేచి, అవే పాత కార్డులు ఇచ్చిన తక్కిన ఇళ్ళకి బయలుదేరాను. మొదటి ఇంట్లో వలలు అల్లే తాత ఒకాయన ఉన్నాడు. కార్డు చేతికిచ్చి ఇది ఏ పూట అని అడిగి, ఊరుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, కొండల మీద వేలు పెట్టి, పొద్దుగూకే వేళ అన్నాడు. ఆ కార్డు వెనక్కి తీసుకుని, పొద్దున లేవగానే ఏం చేస్తావు తాతా అని అడిగాను.