ట్యాంకరు మింగిన రొట్టె

రొట్టెల బట్టీలో పనిచేసే మావాణ్ణి అందరూ ట్యాంకరు అంటారు. ముద్ద ముద్దకీ నీళ్ళు పడాలి. భోజనానికి అందరికంటే ముందు కూర్చుని ఆఖరున లేస్తాడు. "నమిలి తింటే ఒంటికి మంచిది" అని కబుర్లు చెబుతాడు. నిజానికి ముద్ద గుండెల దగ్గర ఆగిపోతుందని వాడొక్కడికే తెలుసు.

బట్టీలో వాడి పని రుచి చూడటం. మొదటి రొట్టె కోసి తిని, వాడు ఊఁ అంటేనే సరుకు బయటికి కదులుతుంది.

ఒకరోజు ఊఁ అనలేదు. రొట్టె అంచు దిగలేదు. తాగిన నీళ్ళు తిరిగొచ్చాయి, ఉమ్మి కూడా మింగలేకపోయాడు. ఊపిరి మాత్రం బాగానే ఆడుతోంది. వాళ్ళక్క ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ గొంతులోకి గొట్టం దింపి ఇరుక్కున్న రొట్టె ముక్క తీసింది. ఆహారనాళంలో వలయాలు కనిపిస్తే నాలుగైదు చోట్ల చిన్న కండ ముక్కలు గిల్లి బయాప్సీ పరీక్షకు పంపింది.

"చిన్నప్పుడు ఉబ్బసం, ఒంటిమీద ఎగ్జిమా ఉండేవా?"

"రెండూనండి. పైగా దుమ్ము తగిలితే ఇల్లంతా తుమ్ములే" అంది అక్క.

బయాప్సీలో ఎలర్జీ కణాలు ఇసినోఫిల్స్ గుంపులుగా ఉన్నాయి. జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. తిండి పడక నాళం వాచి, బిగుసుకుపోతుంది.

"పాలు, గోధుమ మానేసి చూడొచ్చు. లేదా స్టిరాయిడ్ మందు."

"గోధుమ మానితే నన్ను బట్టీలో ఎందుకుంచుకుంటారండీ?"

మందే రాసిచ్చింది. తేనెలో కలిపి చిక్కగా మింగాలి. అది నాళానికి పూతలా అంటుకోవాలి.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ బయాప్సీ చేస్తే కణాలు తగ్గలేదు. బట్టీ యజమాని పెద్దాయన అప్పటికే వేరేవాడితో రుచి చూపిస్తున్నాడు. మావాడి మొహం మాడిన రొట్టెలా అయింది.

"రోజూ మింగుతున్నావా?" అంది డాక్టరమ్మ.

"ఒట్టండీ!"

"ఏదీ, నా ముందు మింగు."

మింగాడు. చెయ్యి దానంతటదే నీళ్ళ సీసా మీదకు పోయింది. గటగటా రెండు గుక్కలు.

"అయ్యో, కడిగేశావు కదయ్యా! మందు మింగాక అరగంట తిండీ నీళ్ళూ ఏవీ వద్దని చెప్పానా?"

"తిండి మానానండి. నీళ్ళు... అలవాటుగా..."

"మొద్దు వెధవా!" అక్క సీసా లాక్కుంది. ఆ రోజు నుంచి మందు వేళ సీసా ఆవిడ ఒళ్ళోనే ఉండేది. అరగంటయ్యాక, మందు వల్ల నోరు పూయకుండా వాడు పుక్కిలించి ఉమ్మేసేదాకా చూపు మరల్చేది కాదు.

తర్వాతి బయాప్సీ బాగుంది. మందు ఆపితే మళ్ళీ మొదలవుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

బట్టీలో పెద్దాయన రొట్టె కోసి, అలవాటుగా నీళ్ళు పెట్టాడు. మావాడు గ్లాసు పక్కకు జరిపి మెల్లగా నమిలి మింగాడు. బట్టీ అంతా పనాపి వాడి గొంతు వంక చూస్తోంది.

"దిగిందిరా?"

"దిగింది. ఉప్పు తక్కువైంది."

"ఇన్నేళ్ళూ ఇదే ఉప్పు కదరా!"

"ఇన్నేళ్ళూ నీళ్ళ రుచి చూశాను పెద్దాయనా. రొట్టె రుచి ఈ రోజే చూశా."

పెద్దాయన గొణుక్కుంటూ ఉప్పు డబ్బా అందుకున్నాడు. అప్పటిదాకా రుచి చూస్తున్నవాణ్ణి పిండి పిసకడానికి పంపాడు.