రెండు వృత్తాల పాఠం

ఆ బళ్ళో ఆవిణ్ణి అందరూ చీటీల టీచరమ్మ అనేవాళ్ళు. పాఠం అయ్యాక ఆఖరి ఐదు నిమిషాల్లో పిల్లలకు తలా ఒక చిన్న చీటీ ఇచ్చి, ఒక్క లెక్క చేసి ఇమ్మనడం ఆవిడ అలవాటు. పేరు పెట్టింది స్టాఫ్ రూములోని సైన్సు మాస్టారు. పేరు పెట్టాడే కానీ తను మాత్రం ఏనాడూ ఒక్క చీటీ తీసుకున్న పాపాన పోలేదు.

ఆవిడ చెప్పేది లెక్కలు. ఇరవై తొమ్మిదేళ్ళు అదే బడి. ఇంకో మూడు నెలల్లో రిటైరు అవుతుంది. మోకాళ్ళు సహకరించక మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతుంది కానీ, చీటీలు మాత్రం మానలేదు.

ఆ మంగళవారం నాలుగో పీరియడ్ ఆరో తరగతికి భిన్నాల కూడిక చెప్పింది. సగానికి మూడో వంతు కలిపితే ఎంత? బోర్డు మీద రెండు వృత్తాలు గీసింది. ఒకదాన్ని రెండు భాగాలు చేసి ఒక భాగం సుద్దతో నింపింది. రెండోదాన్ని మూడు భాగాలు చేసి ఒక భాగం నింపింది. తర్వాత హారాలు సమానం చేసే పద్ధతి రెండు వరసల్లో రాసి, జవాబు అయిదు బై ఆరు అని చూపించింది. అర్థమైందా అంటే ముప్పై ఎనిమిది గొంతులూ అయింది టీచర్ అన్నాయి. బోర్డు దగ్గరికి పిలిచిన ముగ్గురూ సరిగ్గానే చేశారు. ముందు బెంచీల వాళ్ళను పిలిస్తే ఎప్పుడైనా అంతే కదా. ఈ ఏడాది ఏ పాఠమూ ఇంత బాగా నడవలేదని ఆవిడకే అనిపించింది.

తర్వాత చీటీలు తీసుకుంది. అదే లెక్క, బొమ్మ వేసి చూపించమంది.

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో వాటిని బల్ల మీద నాలుగు కుప్పలుగా పెట్టింది. జవాబూ బొమ్మా రెండూ కుదిరినవి పదకొండు. జవాబు సరే కానీ బొమ్మ లేనివి ఆరు. అంటే పద్ధతి గుర్తుంది, సంగతి తెలిసిందో లేదో చెప్పలేం. ఖాళీవి నాలుగు. రెండు బై అయిదు అని రాసినవి పదిహేడు.

పదిహేడు ఆవిణ్ణి అంతగా కంగారు పెట్టలేదు. పైవాటికి పైవీ కిందివాటికి కిందివీ కూడేయడం పిల్లలు చేసే పనే. కంగారు పెట్టింది బొమ్మలు. పదిహేడు చీటీల్లోనూ రెండేసి వృత్తాలున్నాయి, అచ్చం బోర్డు మీద ఆవిడ గీసినట్టే. కొందరు భాగాల మీద నంబర్లు కూడా వేశారు. మొత్తం అయిదు ముక్కలు, అందులో నింపినవి రెండు. కాబట్టి రెండు బై అయిదు.

పిల్లలు పొరపడలేదు. ఆవిడ చూపించిందే చదివారు. ఒక వృత్తం ముక్క ఇంకో వృత్తం ముక్కతో సమానం కాదనీ, రెంటినీ కలిపి లెక్కపెట్టకూడదనీ ఆ బొమ్మలో ఎక్కడా లేదు. ఇన్నేళ్ళ నుంచీ అదే బొమ్మ. చీటీల మీద లెక్క ఎప్పుడూ ఉండేది కానీ, బొమ్మ అడగడం ఇదే మొదటిసారి.  ఆ పదిహేడు చీటీలనూ మళ్ళీ ఒక్కొక్కటిగా తిరగేసింది.

"ఏంటి మేడం, అలా అయిపోయారు?" అన్నాడు సైన్సు మాస్టారు.

"ఏం లేదు. పాఠం కుదరలేదు."

"కుదరకపోతే కుదిరిందని రాసేయండి. ఆ రికార్డు ఎవరు చదువుతారు?" అంటూ తన రికార్డు పుస్తకం తెరిచి, నిన్నటి పేజీలోది ఇవాళ్టి పేజీలోకి ఎక్కించాడు. 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. లక్ష్యం నెరవేరింది.' ఆ బళ్ళో ప్రతి పాఠం తర్వాతా ఒక పేజీ రిఫ్లెక్షన్ రికార్డు రాయాలి. లక్ష్యం ఏమిటి, నేర్చుకున్నారనడానికి ఆధారం ఏమిటి, వచ్చేసారి ఏం మారుస్తారు అని మూడు గళ్ళు. చాలామంది ఆ మూడు గళ్ళనూ మొక్కుబడిగా నింపి చేతులు దులుపుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆవిడ కూడా మొదట్లో అంతే. చీటీల అలవాటు పదేళ్ళ కిందటే వచ్చింది.

ఆ రోజు మాత్రం రెండో గడిలో నాలుగు కుప్పల లెక్కా రాసి, రెండు చీటీలు అంటించింది. చేతులెత్తడం, అయింది టీచర్ అనడం ఆధారం కాదని రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది: 'తప్పు నా బొమ్మలో ఉంది.' మూడో గడిలో మార్పు ఒక్కటే రాసింది. వృత్తాలు మానేయాలి. ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇవ్వాలి. పద్ధతి చెప్పక ముందే, సగానికి ఇంకొంత కలిపితే వచ్చేది సగం కన్నా ఎక్కువా తక్కువా అని అడగాలి. రెండు బై అయిదు సగం కన్నా తక్కువని వాళ్ళ చేతులకే తెలియాలి. ఆ తర్వాత వేరే అంకెలతో మళ్ళీ చీటీ, బొమ్మతో సహా.

వచ్చేసారి అని రాసి ఆగిపోయింది. ఆవిడకు వచ్చే ఏడాది లేదు. ఈ ముప్పై ఎనిమిది మందే ఆఖరు. వచ్చేసారి అంటే ఈ వారంలోనే ఇంకో పీరియడ్ కావాలి. పైగా పాఠాల పట్టికలో భిన్నాల కూడిక పక్కన 'పూర్తి' అని అప్పుడే టిక్ పడింది.

సాయంత్రం ఇంటికెళ్ళి కాగితాలు ముందేసుకుంది. ఆవిడ భర్త దర్జీ. కుట్టు మిషన్ ఆపి, కత్తెర అందుకుని, పన్నెండు సెంటీమీటర్ల పట్టీలు వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించి ఇచ్చాడు.

"కొలత తప్పితే నేను కుట్టు విప్పి మళ్ళీ కుడతాను. మీ టీచర్లకూ అంతేగా?" అన్నాడు.

"విప్పడానికి పీరియడ్ ఇవ్వాలి కదండీ."

"అడుగు. ఇన్నేళ్ళల్లో ఏం అడిగావు గనక వాళ్ళని?"

బుధవారం ఆవిడ అడగకముందే హెడ్మాస్టారు పిలిపించాడు. బల్ల మీద ఆవిడ రికార్డు తెరిచి ఉంది. అంటించిన రెండు చీటీలూ ఫ్యాను గాలికి ఊగుతున్నాయి.

"ఏంటమ్మా ఇది? తప్పు నాదని సంతకం పెట్టి మరీ ఇచ్చారు. వారంలో తనిఖీ ఉంది. పదిహేడు మందికి రాలేదని మనమే రాసిస్తే, వాళ్ళు ఏమంటారు?"

"రాలేదు కాబట్టే రాశాను సార్. ఒక్క పీరియడ్ ఇవ్వండి, సరిచేస్తాను."

"పాఠం పూర్తయినట్టు పైకి పంపేశాం. మళ్ళీ అదే పాఠమంటే మొదటిసారి ఏం చేశారంటారు." ఆయన మంచివాడే. భయస్తుడు, అంతే. డ్రాయరు తెరిచి ఒక కాగితం తీశాడు. "ఇదిగో, ఇదే పాఠానికి నమూనా. దీన్ని చూసి ఆ పేజీ తిరిగి రాయండి. శుక్రవారం ఆటల పీరియడ్ మీకిస్తాను. ఎవరికీ చెప్పకండి."

నమూనా జిరాక్సుకు జిరాక్సు. అక్షరాలు వెలిసిపోయాయి. పైన పేరు ఉండాల్సిన చోట తెల్ల కాగితం అడ్డం పెట్టి తీశారు. అయినా ఆ 'క్ష' వంపు ఆవిడకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట తనే రాసింది. రెండు వృత్తాలూ చక్కగా వృత్తలేఖినితో గీసి, పిల్లలందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు, లక్ష్యం నెరవేరింది అని రాసింది. ఆధారం గడిలో 'అందరూ చేతులెత్తారు' అని ఉంది.

"ఇది నాది సార్."

"మీదా? అయితే ఇంకేం. చుట్టుపక్కల నలభై బళ్ళకు వెళ్ళింది ఇది. అప్పట్లో పెద్దాఫీసు వాళ్ళు తెగ మెచ్చుకున్నారు."

"ఇందులోనే ఉంది సార్ తప్పు. ఈ బొమ్మే."

"ఇప్పుడు నలభై బళ్ళ నుంచి వెనక్కి తెప్పించమంటారా?"

 నలభై బళ్ళు, పన్నెండేళ్ళు. ఎన్ని పదిహేడులో ఆవిడ లెక్క కట్టబోయి, మధ్యలోనే మానుకుంది. శుక్రవారం పీరియడ్ కావాలి. ఆ ఒక్కటి దొరికితే కనీసం ఈ ముప్పై ఎనిమిది మందైనా బయటపడతారు. అందుకని కూర్చుని నమూనా చూసి రాసింది. వృత్తాలు మళ్ళీ వృత్తలేఖినితోనే గీసింది. ఆవిడ దస్తూరి ఎప్పుడూ ముత్యాలే. నిజం రాసిన పేజీ చింపి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం ఆటల పీరియడ్‌లో పిల్లలు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. పట్టీలు పంచింది. ఒకదాన్ని సగానికి, ఇంకోదాన్ని మూడు మడతలకు మడవమంది. సగం ముక్కా మూడో వంతు ముక్కా చించి, మూడో పట్టీ మీద పక్కపక్కన పెట్టమంది. మడతలు కుదరడానికే ఎనిమిది నిమిషాలు పట్టింది. అప్పుడు మూడో బెంచీ చివరి అమ్మాయి, పదిహేడు మందిలో ఒకతె, పట్టీ వంక చూస్తూ తనలో తను మాట్లాడుకున్నట్టు అంది.

"సగం దాటిపోయింది టీచర్. మరి రెండు బై అయిదు సగం కన్నా తక్కువ కదా."

"అవునమ్మా."

"అయితే బోర్డు మీద మీరేసిన బొమ్మ తప్పా?"

"తప్పేనమ్మా. నాదే తప్పు."

 ఆ అమ్మాయి ఇంకేదో అడగబోయింది. "మరి ఇప్పుడు ఎన్ని ముక్కలని..."

తలుపు దగ్గర అటెండరు నిలబడ్డాడు. "మేడం, తనిఖీ వాళ్ళు రేపే వస్తున్నారంట. పిల్లల్ని గ్రౌండులో వరసల్లో నిలబెట్టి చూడాలంట. అందర్నీ పంపమన్నారు."

"పది నిమిషాలు ఆగమను నాయనా."

"నన్ను తిడతారు మేడం."

పిల్లలు ఎగిరి గంతేసి వెళ్ళిపోయారు. పట్టీలు బెంచీల కింద పడ్డాయి. ఆ రోజు చీటీలు తీసుకోలేదు. కాబట్టి వాళ్ళకు ఏం వచ్చిందో, ఏం రాలేదో ఆవిడ ఎక్కడా రాయలేదు. తనిఖీ బాగా జరిగింది. సోమవారం నుంచి దశాంశాలు మొదలయ్యాయి. ఇంకో పీరియడ్ ఇమ్మని మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది. మూడోసారికి హెడ్మాస్టారు ఆవిణ్ణి చూస్తే పక్క గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

ఏడాది పరీక్షలో భిన్నాల కూడిక ఒక ప్రశ్న వచ్చింది. పేపర్లు దిద్దింది ఆవిడే. ఈసారి పైవాటికి పైవీ కిందివాటికి కిందివీ కూడినవాళ్ళు పంతొమ్మిది మంది. మూడో బెంచీ చివరి అమ్మాయి వాళ్ళలో లేదు. ఆ అమ్మాయి రెండు వృత్తాలు గీసి, రెంటినీ అడ్డంగా కొట్టేసి, జవాబు చోట ఏమీ రాయకుండా వదిలేసింది. తప్పని తెలిసింది. ఒప్పేదో చెప్పేలోపు గ్రౌండులోకి పంపేశారు. ఆవిడ ఆ పేపరు మీద సున్నా వేయలేక చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. చివరికి సున్నాయే వేసింది.

వీడ్కోలు సభ బళ్ళోనే చేశారు. కొత్తగా చేరిన లెక్కల మాస్టారు ముందు వరసలో కూర్చున్నాడు. హెడ్మాస్టారు మనస్ఫూర్తిగా మాట్లాడాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"పన్నెండేళ్ళ కిందట మేడం రాసిన నమూనా నలభై బళ్ళకు వెళ్ళింది. అది వెలిసిపోయి చదవడానికి రావడం లేదని పెద్దాఫీసు వాళ్ళు కొత్తది అడిగారు. అదృష్టం చూడండి, మేడం ఈమధ్యే అదే పాఠానికి మళ్ళీ రాశారు. ముత్యాల్లాంటి దస్తూరి. దాన్నే పంపించాను. ఈసారి అరవై బళ్ళకు వెళ్తోంది. మేడం వెళ్ళిపోయినా ఆ పాఠం ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక కొత్త మాస్టారు ఆవిడ దగ్గరికి వచ్చి, "మేడం, నా దగ్గరా ఒక కాపీ ఉంది. చాలా స్పష్టంగా ఉంది," అన్నాడు.

ఆవిడ బ్యాగులోంచి మడత పెట్టిన పేజీ తీసి అతని చేతికిచ్చింది. అతను మర్యాదగా చదివాడు. చీటీలు కూడా చూశాడు.

"బాగుంది మేడం. కానీ తప్పు నాది అని రాస్తే ఫైల్లో నడవదు కదా," అని, మడత చెదరకుండా తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడు.