బుజాంగ్‌నిమ్‌కు అభినందన

పదోన్నతుల నోటీసు వెలువడిందో లేదో, దక్షిణ కొరియా నగరం చాంగ్‌వన్‌లోని ఆ పంపుల కంపెనీ కొనుగోళ్ల విభాగంలోకి అభినందనల రిబ్బన్లు కట్టిన ఆర్కిడ్ కుండీలు రావడం మొదలైంది. అన్నీ బోంగ్ జే-హ్యోక్ బల్ల మీదికే. ఎదురుబల్ల దగ్గర టాక్ సన్-గ్యోంగ్ పళ్లు బిగబట్టి కూర్చుంది.

నిన్నటిదాకా ఇద్దరిదీ ఒకే హోదా, చాజాంగ్. వయసులోనూ, అనుభవంలోనూ ఆమే పెద్ద. ఇనుము పోత పోసేవాళ్ల చుట్టూ ఎండనకా చలనకా తిరిగి ధర తగ్గించింది ఆమె. డైరెక్టరు ముందు ఆ లెక్క తన ఘనతగా చదివి వినిపించింది అతను. ఇవాళ అతను విభాగానికి పెద్ద, బుజాంగ్.

పక్క సీటులోని యే-సుల్ గొంతు తగ్గించింది. "మేడమ్, అందరూ చెప్పేశారు. మీరొక్కరే మిగిలారు. ఏడుస్తున్నారనుకుంటారు."

"అనుకోనీ."

అయినా లేచింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో జే-హ్యోక్ పదోన్నతి వచ్చిన ఓ పెద్దాయనను "చుఖాహెయో" అని తేలిగ్గా అభినందిస్తే పక్కకు లాగి చీవాట్లు పెట్టింది ఆమే. "అది తోటివాళ్లతో అనేది. పెద్దవాళ్ల దగ్గర 'చుఖాదురిమ్నిదా' అనాలి. నోటీసు పడ్డాక పాత హోదాతో పిలవకు. కొత్త హోదా, దానికి గౌరవంగా 'నిమ్' చేర్చు." ఆ పాఠం ఇప్పుడు తన గొంతుకే అడ్డం పడింది.

అతని బల్ల ముందు నిలబడి నడుము వంచింది. "బుజాంగ్‌నిమ్, మీ పదోన్నతికి చుఖాదురిమ్నిదా." ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మంచుగడ్డలా ఉంది మాట.

అతను కుర్చీలోంచి లేవలేదు. "ఆ, థాంక్స్. నువ్వూ బాగానే కష్టపడ్డావ్ టాక్."

నిన్నటిదాకా "మీరు", "టాక్ చాజాంగ్‌నిమ్" అన్న నోరు అది. ఆమె ముఖంలోకి రక్తం ఎగదన్నింది.

"బుజాంగ్‌నిమ్," అంది, అంతే మర్యాదగా, గది మొత్తానికి వినిపించేలా. "పైవాళ్లతో ఎలా మాట్లాడాలో అప్పుడు మీకు నేర్పాను. పదవి పెరిగినా, మనకంటే పెద్దవాళ్లను 'నువ్వు' అనకూడదని చెప్పడం మరిచిపోయాను. తప్పు నాదే."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. యే-సుల్ తల కంప్యూటర్ తెర చాటున దాచుకుంది. జే-హ్యోక్ చెవులు కందగడ్డల్లా అయ్యాయి. డైరెక్టరు గది తలుపు తెరిచే ఉంది. అటు ఒకసారి చూసి, మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మీరు... చాలా కష్టపడ్డారు, టాక్ చాజాంగ్‌నిమ్."

"కృతజ్ఞతలు, బుజాంగ్‌నిమ్."

తిరిగి వచ్చి కూర్చుంది. మర్యాద తిరిగి వచ్చింది, సరే. కుర్చీ మాత్రం వాడి దగ్గరే ఉంది. ఇనుము ధర తగ్గించింది ఎవరో ఆ గదిలో ఒక్కరూ చెప్పలేదు.

ఇంకో ఆర్కిడ్ కుండీ మోసుకుంటూ ఒకతను లోపలికొచ్చాడు. "బోంగ్ బుజాంగ్‌నిమ్ ఎవరండీ?"

సన్-గ్యోంగ్ తలెత్తకుండా పెన్నుతో అటు చూపించింది.