పక్కింటి కానుగ నీడ

ఇంకా కట్టని ఇళ్ళకు బొమ్మలు చేయడం నా పని. తిరుపతిలో మేడ మీద ఒక గది, అందులో ఒక కంప్యూటరు, అది వేడెక్కితే దానికి గాలి కొట్టే ఫ్యాను. అదే నా ఆఫీసు. ఇంజనీరు ప్లాను పంపిస్తాడు. నేను దానికి గోడలు లేపి, రాళ్ళు పరిచి, ఎండ పెట్టి, అచ్చం ఫోటోలా కనిపించే బొమ్మ తీసి ఇస్తాను. మావాళ్ళు దాన్ని రెండర్ అంటారు. మా అమ్మ "దొంగ ఫోటో" అంటుంది.

అలా వచ్చిందే చిత్తూరు ఆంటీ పెరడు. ఆమె పెళ్ళిళ్ళకూ విందులకూ ఇంట్లోనే బిర్యానీ వండి పంపుతుంది. భర్తకు బజారులో బట్టల కొట్టు. ఏళ్ళ తరబడి ఇరుకు వంటింట్లో ఉడికిపోయి, ఇక చాలని, వంటను పెరట్లోకి మార్చాలని పట్టుబట్టింది. రాళ్ళ బాట, చిన్న నీళ్ళ తొట్టి, అందులోకి సన్నగా పడే ధార, ఇవన్నీ కూతురు ఫోన్లో చూసి ముచ్చటపడి చేర్పించినవి. ఆంటీ అడిగింది మాత్రం ఒక్కటే. సాయంత్రం విందులకు నాలుగున్నరకల్లా పొయ్యి వెలగాలి, ఆ వేళకు పొయ్యి దగ్గర నీడ ఉండాలి.

నేను ఊరు చిత్తూరనీ, నెల ఏప్రిల్ అనీ, గంట నాలుగున్నర అనీ కంప్యూటరుకు చెప్పాను. అంతే, పడమటి ఎండ నేరుగా వచ్చి పొయ్యి గట్టు మీద కూర్చుంది. నాకు అర్థం కాలేదు. ఆంటీ పంపిన ఫోటోల్లో అదే వేళకు అదే చోట చక్కటి నీడ ఉంది. మా పనిలో అందరం చేసేదే నేనూ చేశాను. ప్రహరీ గోడ దాకా గీసి, అవతలంతా ఉత్త పచ్చటి నేలగా వదిలేశాను. ఫోటోలు మళ్ళీ చూస్తే ఓ మూల గోడ మీదుగా ఒక కొమ్మ కనిపించింది. ఇంజనీరుకు ఫోన్ చేస్తే, "అదా మేడమ్, పక్కోళ్ళ కానుగ చెట్టు" అన్నాడు.

నా దగ్గరున్న చెట్ల బొమ్మల్లో మంచు దేశాల చెట్లు కావలసినన్ని ఉన్నాయి, కానుగ లేదు. చేతికందిన చెట్టుకు ఆకులు మార్చి, తల వెడల్పు చేసి, కొమ్మలు కిందికి వంచి, గోడ అవతల నిలబెట్టాను. నీడ వచ్చి బాట మీదా, తొట్టి మీదా, గట్టు మీదా పరుచుకుంది. అంత బాగా వచ్చిన బొమ్మ నేను చాలా రోజులుగా చేయలేదు. మురిసిపోతూ పంపించాను.

మరుసటి రోజే ఆంటీ ఫోన్. "పాపా, నీ బొమ్మ నా కొంప ముంచింది!"

బొమ్మను వీధి వీధంతా చూపించుకుంటూ పక్కింటాయనకూ చూపించిందట. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. తన చెట్టును బొమ్మలో చూసి, "ఇంగ ఈ చెట్టు యాడుంటాదమ్మా, మేడ కడతా ఉండాను, వచ్చే నెల కొట్టించేస్తా" అన్నాడట.

"పందిరి వేద్దాం ఆంటీ" అన్నాను. కంప్యూటర్లో వేసి చూశాను కూడా. ఆ వేళకు సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు కదా, ఎండ పందిరి కిందుగా దూరి వచ్చేసింది. పక్కన తడికలు కడదామంటే కట్టెల పొయ్యి, నిప్పుతో చెలగాటం.

"ఒకసారి వచ్చిపో పాపా. ఆయప్పకు నువ్వే సూపించు" అంది ఆంటీ చివరికి.

బస్సెక్కి వెళ్ళాను. ఆంటీతో కలిసి పక్కింటికి పోయి, వరండాలో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టాను. డ్రైవరుగారు చేతులు కట్టుకుని, ఎవరేం చెప్పినా వినను అన్నట్టు కూర్చున్నారు. ఆయన భార్య ఓ పక్కన కొత్తిమీర బాగుచేసుకుంటూ ఉంది. చెట్టు తీసేసి, పొయ్యి గట్టు మీద ఎండ పడటం చూపించాను.

"సరే పాపా, చెట్టు తీసేస్తివి. నా మేడ యాడ?" అన్నారాయన.

ఆయన మేడ కూడా లేపాను. ఇక చూడాలి ఆయన సంబరం! రంగు మార్చమన్నారు. రెయిలింగు స్టీలుది పెట్టమన్నారు. పైన వాటర్ ట్యాంకు కనిపించకూడదన్నారు. నయాపైసా ఖర్చు లేకుండా మేడ కట్టేసుకుని, మెట్లెక్కినంత పని చేశారు. రంగులు బాగా కనిపించాలని పొద్దుటికి మార్చిన గడియారాన్ని మళ్ళీ నాలుగున్నరకు జరిపాను. మేడ నీడ ఆయన పెరడు దాటి, గోడ దాటి, రాళ్ళ బాట మీదుగా వచ్చి, ఆంటీ పొయ్యి గట్టును కప్పేసింది.

"సూడు సెల్లెమ్మా!" డ్రైవరుగారు తొడ చరిచారు. "చెట్టు పోతేనేమి, నా మేడే నీకు నీడనిస్తాది!"

నాకూ హమ్మయ్య అనిపించింది. ఆంటీ కూడా నవ్వింది, కానీ మనసారా కాదు. లాప్‌టాప్ మూయబోతుంటే, ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడని డ్రైవరుగారి భార్య కొత్తిమీర కట్ట కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"పాపా, దాంట్లో మద్యానం పన్నెండు గూడా పెట్టొచ్చునా?"

పెట్టాను. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. మేడ నీడ మేడ కిందికే ముడుచుకుపోయింది. చెట్టు ఉండాల్సిన చోట, వాళ్ళ పెరడంతా తెల్లగా మండిపోతోంది.

"ఇదో, ఈడ" అని ఆమె తెర మీద వేలు పెట్టింది. "ఈడ కూసోనే నేను ఆకులు దూసేది, బియ్యం సెరిగేది, ఇంత కునుకు తీసేది. సాయంత్రం వాళ్ళకు నీడ ఇస్తావు సరే, పగలంతా నన్ను యాడ కూసోమంటావు? నీ మేడ మింద ఎండబెడతావా నన్ను?"

ముప్పై ఏళ్ళు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి, ఈ ఒక్క మలుపు దగ్గర ఆగిపోయారు. "అట్లయితే మేడ వైపు కొమ్మలు మాత్రం కొట్టిస్తానులే" అన్నారు, తెరకేసి చూస్తూ.

మళ్ళీ చెట్టు పెట్టి, మేడ వైపు కొమ్మలు తీసేశాను. చెట్టు ఒక పక్కకు వాలినట్టు వికారంగా తయారైంది. చివరి బొమ్మలో కొంచెం గుండ్రంగా సర్దుతానన్నాను. ఆంటీ ఒప్పుకోలేదు.

"అట్లే ఉండనీ పాపా. ఆ తట్టు పోతే పోనీ, నా తట్టు ఉండాది గదా" అంది. ఈసారి మాత్రం మనసారా నవ్వింది.

మరుసటి వేసవికి పెరడు తయారైందని ఆంటీ రాత్రి భోజనానికి పిలిచింది. నీళ్ళ తొట్టిని కాకులు స్వాధీనం చేసుకున్నాయి. రాళ్ళ బాట బొమ్మలో ఉన్నంత నున్నగా లేదు, చెప్పుల్లేకుండా నడవడానికి మాత్రం హాయిగా ఉంది. పక్కింట్లో మేడ లేచింది. ఒంటి పక్క కానుగ గోడ మీదుగా ఇటు వంగి ఉంది. దాని కింద పగలంతా కూర్చుని ఒలిచిన వెల్లుల్లి, దూసిన పుదీనా, డ్రైవరుగారి భార్య గోడ మీదుగా అందించింది.

ఆంటీ అవి అందుకుని పక్కన పెట్టి, కొత్త రాతి గట్టు మీద అరచెయ్యి ఆనించింది. తీయకుండా అలాగే ఉంచింది.

"సల్లగా ఉండాది పాపా" అంది. "నాలుగున్నరకు, నా పొయ్యి కాడ, సల్లగా ఉండాది."

నా కళ్ళు చెమర్చాయి. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు, పొగ వల్ల అని చెప్పుకోవడానికి కూడా లేకపోయింది.