తెర ఇవ్వని ముఖం

మా అన్న వెంకట్రాజం వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. ఒకటి మగ్గం దిగగానే దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకునేవాడు. వదిన యాకమ్మ ఫొటో తీసి షావుకారుకు వాట్సాప్‌లో పంపేది. చారలు నిండుగా కనపడాలని అన్న తల కూడా దాని వెనకే దాచేవాడు. గుండె ఆగి అతను పోయాక ఫోనంతా వెతికాం. ఎన్నెన్నో జంపఖానాలు, వాటి అంచున అతని వేళ్లు. పెళ్లి ఆల్బం ఎప్పుడో వరదనీళ్లలో పోయింది. ఆధార్ కార్డు మీది బొమ్మ ఎవరో దొంగ ముఖంలా ఉందని వదిన వద్దంది.

దినాలకు ఫొటో కావాలి. అప్పుడు నాకు నేతగాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ గుర్తొచ్చింది. అది ఓ స్ట్రీమింగ్ యాప్‌లో ఉంది. అందులో ఒకచోట అన్న కెమెరా వైపు నేరుగా చూసి నవ్వుతాడు. అక్కడ ఆపి స్క్రీన్‌షాట్ నొక్కాను. ఈ యాప్‌లో అనుమతి లేదని ఫోను చెప్పింది.

వదినను వెంటబెట్టుకుని ఫొటో స్టూడియో మహిపాల్ దగ్గరికి పోయాను. అతను కంప్యూటర్‌లో ప్రయత్నించాడు. తెర మీద అన్న నవ్వుతూనే ఉన్నాడు. తీసిన బొమ్మలో మాత్రం ఒట్టి నలుపు, అడుగున అన్న మాటలకు వేసిన ఇంగ్లీషు అక్షరాలు.

"సచ్చినంక గూడ సిగ్గేనా ఈయనకు," అంది వదిన. ఎవరం నవ్వలేదు.

సినిమాను ఎవరూ కాపీ కొట్టకుండా వేసిన తాళం అది అన్నాడు మహిపాల్. తెరకు బొమ్మ పోతుంది గాని, ఫొటో తీసే సాఫ్ట్‌వేర్‌కు అందదట.

"బ్యాంకు యాప్‌ల గూడ ఇట్లనే మూస్తరు వదినా. మన స్క్రీన్‌ను ఫోన్లనే దాక్కున్న దొంగ యాప్ చూడొద్దని. అది మన కోసం. ఇది సినిమా ఓనర్ల కోసం."

"మరి మనిషి మనోడే గదా, తమ్మీ?"

మహిపాల్ ఆ నల్లటి బొమ్మను చెరిపేశాడు.

చిత్రం తీసినవాళ్లకు మెయిల్ రాశాను. ఉలుకూ పలుకూ లేదు. చివరికి మహిపాల్ దీపాలార్పి, కంప్యూటర్ తెరనే కెమెరాతో ఫొటో తీశాడు. పెద్దది చేస్తే ముఖమంతా అలల్లాంటి గీతలు. వాటిని తుడిచినకొద్దీ కళ్లు కరిగిపోయాయి. వ్యవధి లేక దానికే ఫ్రేము కట్టించాం. దినాలకు వచ్చిన చుట్టాలు దండ వేస్తూ, ఇతనెవరని అడగలేక మా వైపు చూశారు.

ఆ తర్వాత వదిన ఆ ఫొటో వైపు చూసేది కాదు. అన్నను చూడాలనిపిస్తే నా దగ్గరికి వచ్చి, ఫోనులో ఆ చోటు పెట్టించుకునేది. వానాకాలంలో ఒకరోజు ఎంత వెతికినా చిత్రం దొరకలేదు. ఆ యాప్‌కున్న హక్కుల గడువు తీరి దాన్ని తీసేశారని తెలిసింది. చెప్పాను.

"మొన్న గూడ నవ్విండు గదా," అంది వదిన. మళ్లీ వెతకమని ఫోను నా చేతిలో పెట్టింది. అన్న పేరు, ఊరి పేరు, జంపఖానా, వదిన ఏ మాట చెబితే ఆ మాట కొట్టి చూస్తూ పోయాను.