కృపావరం గారి శుభవార్త

గణపవరం దాటి చెరువుల మధ్యగా కొంత దూరం వెళ్తే, గాలి వాసన మారినచోట ఆ రొయ్యల ఫ్యాక్టరీ ఉంటుంది. అందులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు కృపావరం గారు. ఈ ఉద్యోగంలో చేరకముందు ఆవిడ ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. పిల్లల వ్యాసాలు దిద్దిన చేయి గనుక, ఫ్యాక్టరీలో ఏ సంగతి నలుగురికీ చెప్పాలన్నా ఆ చేతికే పని పడేది. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడుగుతారన్నది మొదలుకొని, క్యాంటీనులో సాంబారు పలచబడుటకు గల కారణముల వరకు సమస్తమూ ఆవిడే రాసేవారు. ఆవిడ రాస్తే చెడ్డ కబురు కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేది. యాజమాన్యం దీన్ని ప్రతిభ అనేది. రొయ్యలు వలిచే హాలులోని ఆడవాళ్ళు మాత్రం, "టీచరమ్మగారు నోటీసు పెట్టారంటే ఏదో మూడిందే అమ్మాయ్" అనుకునేవారు. అయినా ఆవిడంటే వాళ్ళకు గురి. ఆవిడది కూడా వాళ్ళ చర్చే.

ఆ గురి మీదే కథంతా నడిచింది.

ఐరోపాలో ఒక పెద్ద దుకాణాల సంస్థవారు మూడేళ్ళ పాటు రొయ్యలు కొనాలని అనుకున్నారు. పొట్టు తీసి, వెన్ను మీది నల్లనరం తీసి, తోక మాత్రం ఉంచి, చిన్న ప్యాకెట్లలో పెట్టి పంపాలి. అంటే పనంతా హాలు మీదే పడుతుంది. మిషన్లు నీళ్ళు చిమ్ముతాయి, గడ్డకట్టిస్తాయి, తూకం వేస్తాయి గాని, తోక తెగకుండా నరం లాగే మిషను ఆ ఫ్యాక్టరీకి ఇంకా రాలేదు. సంస్థ తనిఖీదార్లు ఒక ఆదివారమే రావడానికి వీలవుతుందన్నారు. హాలుకు ఆదివారం సెలవు. కొల్లేటికోట నుంచి వచ్చే సత్యవతి హాలు సూపర్‌వైజరు. ఆమెను ఒప్పించే బాధ్యత కృపావరం గారి మీద పడింది.

"ఈ ఒక్క ఆదివారం రండమ్మా. ఆర్డరొస్తే కొత్తవాళ్ళని తీసుకుంటామని ఓనరు రాజుగారే అన్నారు. మీ ఆదివారాల జోలికి ఎవరూ రారు. నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటానంటే మాకింకేటండి," అంది సత్యవతి. "వత్తామండి."

వచ్చారు. తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో ఉండవలసిన వేళ తెల్లకోట్లు, టోపీలు వేసుకుని బల్లల ముందు నిలబడ్డారు. తనిఖీదార్లు గంటసేపు ముచ్చటపడి చూశారు. ఆర్డరు వచ్చింది.

సంతకాలు అయిన రోజున యజమాని సుబ్బరాజు గారు ఆవిడను పిలిపించారు. ఎదురుగా ఆయన మేనల్లుడు ప్రదీప్, ఎగుమతుల మేనేజరు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

"బయట పేపర్లవాళ్ళకు తెలిసేలోపు మనవాళ్ళందరికీ మనమే చెప్పాలండీ," అన్నారు రాజుగారు. "మీరు రాయండి. బాగుండాలి."

ప్రదీప్ అప్పటికే ఒక ప్రతి రాసి పెట్టాడు. దాన్ని బట్టి ఈ విజయం ఎగుమతుల విభాగం దూరదృష్టి వల్ల కలిగింది. మిగతావారు ఆ దృష్టి పడినచోట ఉన్నారు. కృపావరం గారు ఎర్ర పెన్ను తీశారు. ధరల బేరం ఎగుమతులవారిది. ప్రతి చెరువు సరుకూ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలిగింది క్వాలిటీవారు. తనిఖీ మధ్యలో కరెంటు పోయినా చలి తగ్గనివ్వనిది కోల్డ్ స్టోరేజీవారు. సెలవు వదులుకుని వచ్చి చేతిపని చూపించింది హాలు. ఒక్కొక్కరూ చేసినది ఇదీ అని విడిగా రాశారు. రాజుగారు చదివి ఉదారంగా తల ఊపారు.

"ఉంచండి, ఉంచండి. ఇంకో రెండు మాటలు వెయ్యండి. పొగడ్తకి జీఎస్టీ లేదు కదండీ."

ఆ తర్వాత పని మార్పుల పేరా వచ్చింది. కొత్తవాళ్ళను తీసుకుంటారు, నిజమే. కాని తోక తెగకుండా వలవడం నేర్వడానికి నెలలు పడుతుంది. ఓడ మాత్రం మొదటి సరుకు కోసం అప్పటిదాకా ఆగదు. కాబట్టి హాలు వారమంతా నడవాలి. వారానికో సెలవు ఉంటుంది, కాని గుంపుల వారీగా తలా ఒక రోజు. ఆదివారం అందరిలోనూ ఎవరో కొందరికే దక్కుతుంది. చట్టం దీనికి ఒప్పుకుంటుంది. చట్టానికి చర్చి ఏ రోజో పట్టింపు లేదు.

"నేను వాళ్ళకి మాటిచ్చానండీ," అన్నారు కృపావరం గారు.

"మాటిచ్చింది మంచికే కదండీ. ఆర్డరొచ్చింది." రాజుగారి గొంతులో నెయ్యి కారుతోంది. "దేవుడు మంగళవారం ప్రార్థన చేస్తే వినడాండి? మా సుబ్రహ్మణ్యేశ్వరుడు ఏ రోజైనా వింటాడు."

"కొత్తవాళ్ళు నేర్చుకునే వరకే అని రాస్తానండీ. ఫలానా నెల దాకా అని."

"నెల వెయ్యకండి మేడం," అన్నాడు ప్రదీప్. "అప్పటికి ఆర్డరు పెరిగితే మళ్ళీ ఇంకో నోటీసా?"

నెల పడలేదు. 'తాత్కాలికంగా' అన్న మాట పడింది. ఆ మాటకు ఉన్న సాగుడు రబ్బరుకు కూడా లేదు.

ఇక మిగిలింది వరుస. శుభవార్త, కృతజ్ఞతలు, మార్పులు, ఆ పైన ప్రశ్నలకు సమయం అని ఆవిడ మొదట రాసుకున్నారు. మార్పులు చెప్పాక నోళ్ళు తెరవనివ్వడం మర్యాద అని ఆవిడకు తెలుసు. సత్యవతి లేచి నిలబడి అడగబోయేది ఏమిటో కూడా తెలుసు. ఆ ప్రశ్న అందరి ముందూ వినే ధైర్యం ఆవిడకు చాలలేదు. ప్రశ్నలు తరవాత సూపర్‌వైజర్ల ద్వారా పంపవచ్చునని కొట్టేసి, ఆ చోట 'ప్రార్థన' అని రాశారు. ఆ ఫ్యాక్టరీలో అది ఆచారమే. ఏ మంచి కబురైనా రాజుగారు గేటు దగ్గర కొబ్బరికాయ కొడతారు, ఆ వెంటనే హాలు ఆడవాళ్ళు కొంగులు కప్పుకుంటే ఎవరో పెద్దవారు ప్రార్థన చేస్తారు. మార్పుల దెబ్బ మీద ప్రార్థన కాస్త మందు రాసినట్టు ఉంటుందని ఆవిడ అనుకున్నారు. మనసు బాగా చదువుకున్నదైతే, భయానికి కూడా ఇలాంటి మంచి పేర్లు వెతికిపెడుతుంది.

షిఫ్టు మారే వేళ ఐసు ప్లాంటు ముందు అందరూ చేరారు. కొబ్బరికాయ చక్కగా పగిలింది. కృపావరం గారు మైకు తీసుకున్నారు. ఆర్డరు సంగతి చెప్పగానే చప్పట్లు. క్వాలిటీవారి పేరెత్తగానే ఈలలు. హాలు మాట వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పొడుచుకుని నవ్వుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక మైకులో తమ పేరు విన్నది చావు కబుర్లలోనే గనుక, వాళ్ళకు అదో పండుగ.

అప్పుడు మార్పులు చదివారు. సత్యవతి నవ్వు అక్కడే ఆగింది. ఆమె చెయ్యి పైకి లేస్తుండగానే కృపావరం గారు కళ్ళు మూసుకున్నారు.

"ప్రార్థన చేసుకుందామండి."

కళ్ళు మూసుకున్న మనిషిని ఎవరూ ప్రశ్న అడగరు. కొంగులు తలల మీదికి వచ్చాయి. లేచిన చెయ్యి కూడా కొంగు సర్దుకుని దిగింది. తండ్రీ, ఈ పనినిచ్చినందుకు వందనాలు, రాబోయే మార్పులన్నిటిలో మాకు ఒక మనసు దయచేయుము అని ఆవిడ అడిగారు. 'ఒక మనసు' కాగితం మీద లేదు, నోటికి అలవాటుగా వచ్చేసింది.

"ఆమెన్," అన్నారు అందరూ, ఒక్క గొంతుగా.

ప్రదీప్ ఇదంతా ఫోనులో వీడియో తీశాడు. మర్నాడే అది ఐరోపాకు వెళ్ళిపోయింది. కొనేవారికి ఒక నియమం ఉందట: సెలవులు మారిస్తే పనివాళ్ళను ముందుగా సంప్రదించాలి, ఆధారం చూపాలి. 'కార్మికులు ఏకగ్రీవంగా ఆమోదించిన దృశ్యము' అని కింద ప్రదీప్ ఇంగ్లీషులో రాశాడు.

క్వాలిటీలో పనిచేసే మానస ఈ సంగతి హాలులో చెప్పింది. టీ వేళ సత్యవతి ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండానే నిలబడింది.

"ఏవండీ, మేం ఆమెన్ అన్నది దేవుడికండి. ప్రదీప్ బాబుగారికి కాదండి."

"నాకు తెలుసు సత్యవతీ."

"మీకు తెలిస్తే సరిపోద్దాండి? ఆళ్ళకి తెలియాలి గదా."

"రేపు అక్కడివాళ్ళు వీడియోలో మాట్లాడతారు. చెప్తాను."

"ఆయ్, చెప్పండి," అంది సత్యవతి. "మీ మాట మీదేగా మేం ఆదివారం వచ్చింది."

మర్నాడు స్క్రీన్ మీద కొనే సంస్థ తరఫున ఒక పెద్దావిడ నవ్వుతూ కనిపించింది. ఈ పక్క ప్రదీప్, ఆ పక్క రాజుగారు, మధ్య కృపావరం గారు. వీడియో ఎంతో హృద్యంగా ఉందని ఆమె మెచ్చుకుంది. మీ పనివాళ్ళను సంప్రదించారా అని అడిగింది. పాతికేళ్ళు ఇంగ్లీషు వ్యాసాలు దిద్దిన కృపావరం గారు తూచి ఒక మాట ఏరుకున్నారు.

"వాళ్ళకు తెలియజేశాం," అన్నారు ఇంగ్లీషులో.

అబద్ధం కాదు. నిజానికి అందులో అణువంత పొరపాటు కూడా లేదు. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని గుర్తుపట్టవలసిన మనిషి గుర్తుపట్టలేదు. "అద్భుతం," అని ఏదో టైపు చేసుకుంది. 'అడగలేదు' అన్న ఇంకో మాట చాలు. ఆ మాట కృపావరం గారి గొంతు దాకా వచ్చింది. రాజుగారు ప్రేమగా ఆవిడ వైపు మంచినీళ్ళ గ్లాసు జరిపారు. ఆవిడ తాగారు. మాట కూడా నీళ్ళతోపాటు దిగిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ఆఫీసువారికి ఆదివారం సెలవు ఎప్పటిలాగే ఉంది. వాళ్ళ చేత ఎవరూ నరాలు లాగించరు గనుక. కృపావరం గారు చర్చికని బయల్దేరి, ఫ్యాక్టరీకి వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. ఆఫీసు తాళం తీయించలేదు. నేరుగా హాలు గుమ్మం దాకా వెళ్ళి, కాళ్ళు ముంచే మందునీళ్ళ తొట్టి ఇవతల ఆగారు. లోపల బల్లల ముందు తెల్లటోపీలు వంగి ఉన్నాయి. చేతులు ఆడుతున్నాయి.

సత్యవతి చూసి దగ్గరికి వచ్చింది, చేతులకు గ్లవుజులతోనే.

"ఇయ్యాల మీకు సెలవు గదండీ?"

"అవును. ఊరికే వచ్చాను. మీరంతా ఇక్కడుండగా..."

"మీరొత్తే మాకు పనేవన్నా తగ్గుద్దాండి?"

సత్యవతి కోపంగా అడగలేదు. అదే ఇబ్బంది. కోపమైతే ఆవిడ ఏదో ఒకటి మృదువుగా చెప్పి ఉండేవారు.

"మాటిచ్చాను కదా సత్యవతీ, నేనూ ఆదివారం మానుకుని..."

"వద్దండి. మీరు చర్చికెళ్ళండి. మా వరస ఖాళీగా ఉంటది, పాస్టరుగారు అడుగుతారు. ఎందుకు రాలేదో ఆయనకు బాగా వివరంగా చెప్పండి." తొట్టి అంచు దాకా వచ్చి, వినయంగా చెప్పింది. "ఇక్కడ నిలబడకండి మేడం. బూట్లూ టోపీ లేకుండా ఇక్కడిదాకా రాకూడదు. మీరే రాశారు నోటీసు."

లోపలికి వెళ్ళిపోయింది. కృపావరం గారు ఇంకాసేపు అక్కడే నిలబడి, ఎవరైనా తలెత్తుతారేమోనని చూశారు. తోకలు తెగకూడదు గనుక ఎవరూ ఎత్తలేదు.